అచ్చు వేసిన చీరకు కలం పేరెందుకు?

హాస్టల్లో మాకు అన్నం వండిపెట్టిన అమ్మ పదవీ విరమణ చేసినప్పుడు మేము ఆరుగురం చందాలు వేసుకుని ఒక చీర కొన్నాం. దుకాణంలో 'చేత్తో గీసిన కాళహస్తి కలంకారీ' అన్నారు. ఆ పేరుకు తగ్గ ధరే తీసుకున్నారు. గదికి తెచ్చి మంచం మీద పరిచాక మాకు అనుమానం వచ్చింది.

ముందు గీత చూశాం. శ్రీకాళహస్తిలో కలమంటే మొన చెక్కిన వెదురుపుల్ల. మొనకు కాస్త పైన ఉన్నిగానీ గుడ్డగానీ ఉండలా చుట్టి దారంతో కడతారు. ఆ ఉండను రంగులో ముంచి, వేళ్ళతో నొక్కుతూ గీస్తారు. అందుకే గీత ఒకచోట లావుగా, రంగు తగ్గిన చోట సన్నగా ఉంటుంది. ఒకే చెయ్యి గీసిన రెండు నెమళ్ళు కూడా అచ్చంగా ఒకేలా ఉండవు. మా చీరలో నెమళ్ళన్నీ ఒక్కటే! ప్రతి నెమలికీ తోకలో మూడో ఈక దగ్గర గీత తెగి ఉంది. అంటే చెక్క అచ్చు అక్కడ విరిగిందన్నమాట. అచ్చు పక్కన అచ్చు పడిన చోట తీగ గీత రెండుసార్లు పడింది.

తర్వాత రంగు. కరక్కాయ, పాలు పట్టించిన నూలు బట్టకు ఇనుము, బెల్లం పులియబెట్టిన నీళ్ళు తగిలితే, కరక్కాయ వగరుతో కలిసి నల్లబడతాయి. ఆ నలుపు నూలులోకి దిగి వెనకవైపూ కనిపిస్తుంది. ఎరుపు పటిక పూసిన చోటే పట్టుకుంటుంది, కాస్త ఇటుకరంగులో ఉంటుంది. పైపూత రంగయితే వెనకవైపు వెలవెలబోతుంది. మా చీర ఈ పరీక్షలో నెగ్గింది. అయితే కొన్ని రసాయన రంగులూ నూలులోకి దిగుతాయి. పైగా మంచి రంగును అచ్చుతోనూ వేయవచ్చు. కాబట్టి రంగు చూసి చేతిపని అని తేల్చలేం.

ఇక బొమ్మలు. కాళహస్తి కలానికి రామాయణ, భారత కథలు ప్రధానం. చాలా తెరల మీద బొమ్మల పక్కనే తెలుగులో కథ కూడా రాసి ఉంటుంది. పారశీక ప్రభావమున్న తీగలు, పూలు, మామిడిపిందెలు మచిలీపట్నం, పెడన అచ్చు పనిలో ఎక్కువ. మా చీరలో ఉన్నవి అవే.

అలాగని ఆ చీర నకిలీదని మేము అనం. పెడన అచ్చుపనికి తనదైన చరిత్ర ఉంది. ఒక్కో రంగుకు ఒక్కో టేకు అచ్చు చెక్కాలి, గురి తప్పకుండా వేయాలి. నకిలీది బట్ట కాదు, దానికి తగిలించిన పేరు. ఆ అబద్ధంవల్ల రోజుల తరబడి వంగి గీసే కాళహస్తి కళాకారుడి గిరాకీ పోతుంది, అచ్చు వేసిన పెడన కార్మికుడి పేరూ పోతుంది. లాభం మధ్యవాడిది.

చీర అమ్మకే ఇచ్చాం, జరిగింది చెప్పాం. "నెమళ్ళు బాగున్నాయి నాయనా, ఆ డబ్బు పనిచేసినోళ్ళకు పోయుంటే ఇంకా బాగుండేది" అంది.

మిత్రులారా, ఈసారి కొనేముందు ఒకే బొమ్మను రెండుచోట్ల పక్కపక్కన పెట్టి చూడండి. తప్పు కూడా ఒకేలా ఉంటే అది కలం పని కాదు. అచ్చుకు అచ్చు ధరే ఇవ్వండి.