మా నాన్నకి ఫోన్లో డబ్బులు నేర్పటంలో తప్పు నాదే

అన్నలూ, తమ్ముళ్లూ, కాస్త పొడుగు పోస్టు. కోతల హడావిడిలో ఉన్నా ఓసారి చదవండి, ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లు మరీ.

పోయిన సీజన్లో మా నాన్నకి ఎవరో ఫోన్ చేశారు. నూజివీడు బంగినపల్లి నేరుగా తోట దగ్గరే కొంటామన్నారు, రేటు కూడా బాగానే చెప్పారు. బయానాగా ఐదు వేలు ఇప్పుడే వేస్తామని వాట్సాప్‌లో ఒక క్యూఆర్ కోడ్ పంపారు. "స్కాన్ చెయ్యండి బాబాయ్, డబ్బు పడుద్ది" అన్నారు. నాన్న చేశాడు, పిన్ కొట్టాడు. ఐదు వేలు పడలేదు, పోయాయి.

నాకు తెలిసింది రెండు రోజుల తర్వాత. నేను అరుస్తానని చెప్పలేదట. ఆ మాట నన్ను ఇప్పటికీ పొడుస్తుంది, ఎందుకంటే అరిచేవాణ్ణే.

"డబ్బు రావటానికి పిన్ అక్కర్లేదని చెప్పానుగా?" అంటే ఆయన చెప్పిన సమాధానం వినండి. "బ్యాలెన్స్ చూట్టానికి నువ్వే పిన్ కొట్టించావుగా. వచ్చిందో లేదో చూపిస్తుందనుకున్నా" అన్నాడు. ఆయన తప్పేముంది? బ్యాలెన్స్ చూడాలన్నా పిన్ అడుగుతుంది, డబ్బు పంపాలన్నా అదే పిన్ అడుగుతుంది. మనం చెప్పేది సగం పాఠం. అందుకే నా అభిప్రాయం, పెద్దవాళ్లకి తెలివి లేక మోసపోతున్నారనేది అబద్ధం. నేర్పే పద్ధతి మనకే తెలియదు.

ఈసారి వేరేగా మొదలుపెట్టా. ముందు ఖాతా. కాయ డబ్బు, పంట లోను ఉన్న ఖాతాని ఫోన్లో కలపలేదు. వేరే బ్యాంకులో చిన్న పొదుపు ఖాతా తీసి అదొక్కటే కలిపా, అందులో ఖర్చులకి మూడు నాలుగు వేలే ఉంచుతాం. అదే బ్యాంకులో రెండో ఖాతా తీస్తే లాభం తక్కువ, ఒకే ఫోన్ నంబరుంటే యాప్ రెండు ఖాతాలూ చూపిస్తుంది.

తర్వాత పిన్ కొట్టే పేజీ. నాన్నకి ఇంగ్లీషు రాదు, అంకెలు బాగా వచ్చు. ఆ పేజీలో కింద అంకెలుంటాయి, మనందరి కళ్లూ అక్కడికే పోతాయి. పైన చూడమన్నా. డబ్బు పంపేటప్పుడు పైన ఎవరికో ఒక పేరు, ఎంతో ఒక మొత్తం ఉంటాయి. బ్యాలెన్స్ చూసేటప్పుడు అలా ఎవరి పేరూ, మొత్తమూ ఉండవు. "పైన రూపాయలు కనబడితే నీ జేబులోంచి పోతున్నట్టే నాన్నా, అవతలివాడు ఏం చెప్పినా సరే" అన్నా. ఈ ఒక్కటీ పట్టుబడటానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. మంచం మీద పక్కపక్కన కూచుని ఒక్కో రూపాయి అటూ ఇటూ పంపుకున్నాం. మధ్యలో నేనే నా కోడ్ చూపించి "స్కాన్ చెయ్, నీకు పది రూపాయలొస్తాయి" అని మోసం చేశా. మొదటి రెండుసార్లు పడ్డాడు, మూడోసారి నన్ను తిట్టాడు. అప్పుడనిపించింది వచ్చిందని.

డబ్బు ఇచ్చేవాడికి మన కోడ్ చూపించటమో, నంబరు చెప్పటమో చాలు. మనం స్కాన్ చేసే పనే లేదు. ఫోన్ చెవి దగ్గర ఉండగా డబ్బు యాప్ తెరవకూడదని కూడా పెట్టుకున్నాం. ముందు ఫోన్ పెట్టెయ్యాలి. వాళ్ల బలమంతా మాటల్లోనే ఉంది మరి.

ఇంకోటి, పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఫైళ్లు. చివర `.apk` అని ఉంటే అది యాప్. ఎక్కించుకుని అడిగినవన్నీ ఒప్పుకుంటే మన మెసేజీలూ, ఓటీపీలూ వాడు చదువుతాడు. మన రెండు వేలు నేరుగా ఖాతాలో పడతాయి, దానికి ఏ ఫైలూ అక్కర్లేదు. ఈ-కేవైసీ అనుమానముంటే సచివాలయానికి వెళ్లి అడగండి. ఫోన్ సెట్టింగ్స్‌లో `Install unknown apps` అని వెతికి వాట్సాప్‌కి ఆపెయ్యండి. పొరపాటున ఎక్కిస్తే వెంటనే నెట్ ఆపి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పాలి.

డబ్బు పోతే 1930కి ఫోన్ చెయ్యాలి. ఆ డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగా చెబితేనే ఆపగలరు. గంటలు గడిచేకొద్దీ చేతులు మారిపోతుంది. మేం రెండు రోజులు ఆలస్యమయ్యాం, మాకు రూపాయి కూడా తిరిగి రాలేదు. మన చేత్తో మనమే పిన్ కొడితే బ్యాంకు పూచీ పడుతుందన్న నమ్మకం కూడా పెట్టుకోలేం. అందుకే నాన్నతో ఒప్పందం చేసుకున్నా. ఎంత పోయినా ముందు నాకు చెప్పాలి, నేను అరవకూడదు.

పిన్ సంగతి మాత్రం ఇంకా తేలలేదు. క్యాలెండరు వెనక రాసుకున్నాడు. చింపేశా. మళ్లీ ఎక్కడో రాశాడు, ఎక్కడో చెప్పట్లేదు.