సూచన చీటీ

స్లైడ్ల సహాయంతో ప్రసంగించే విద్యార్థికి పూర్తి వ్రాతప్రతి అవసరమే. అయితే దాని స్థానం ఇంటిలోని బల్లపై. వేదికపై చేతిలో ఉండవలసినది కొద్ది మాటల చీటీ మాత్రమే.

కాగితం చేతిలో ఉంటే ధైర్యంగా ఉంటుందని కొందరి వాదన. కాని తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. చదివేవాడు సగం వాక్యం పలికి సభవైపు చూస్తే, క్రియ కోసం మళ్ళీ కాగితంలో వెదకక తప్పదు. అందువల్ల అతడు తల ఎత్తడమే మానుకుంటాడు.

నెల్లూరు తీరానికి దక్షిణాన ఉన్న పులికాట్ సరస్సును గురించిన ఒక స్లైడును ఉదాహరణగా తీసుకోవచ్చు. దాని వ్రాతప్రతి ఇట్లా ఉందనుకుందాం: "పులికాట్ సరస్సును బంగాళాఖాతం నుండి శ్రీహరికోట ద్వీపం వేరుచేస్తోంది. వర్షాకాలంలో కాళంగి, ఆరణి నదులు మంచినీటిని తేవడంవల్ల సరస్సులో ఉప్పదనం తగ్గుతుంది. వేసవిలో నీరు ఆవిరైపోవడంవల్ల అది పెరుగుతుంది. సముద్రంతో కలిపే ముఖద్వారం ఇసుకతో పూడుకుపోతే చేపల రాకపోకలకు ఆటంకం కలుగుతుంది."

కుదించేటప్పుడు మొదట క్రియలను, విశేషణాలను తొలగించాలి. క్రియ మాట్లాడేటప్పుడు తనంతట తానే వస్తుంది. మరచిపోయే అవకాశమున్న పేర్లను నిలపాలి. అప్పుడు చీటీపై మిగిలేవి నాలుగు పంక్తులు:

శ్రీహరికోట – అడ్డు
వాన – కాళంగి, ఆరణి – ఉప్పు తక్కువ
వేసవి – ఆవిరి – ఉప్పు ఎక్కువ
ముఖద్వారం – ఇసుక – చేపలు

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. రెండవ పంక్తిలో "కాళంగి, ఆరణి" అని మాత్రమే వ్రాసుకొన్నవాడు నదుల పేర్లు చెప్పి ఆగిపోతాడు. అవి ఎందుకు ప్రస్తావనకు వచ్చాయో స్ఫురించదు. కాబట్టి కారణంతోపాటు ఫలితం కూడా అదే పంక్తిలో ఉండాలి.

చీటీ సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి వ్రాతప్రతిని మూసివేసి రెండుసార్లు బిగ్గరగా చెప్పి చూడాలి. తడబడినచోట ఒక్క మాట చేర్చాలి. రెండుసార్లూ భావం ఒకటై వాక్యాలు వేరైతే చీటీ కుదిరినట్లే. రెండుసార్లూ అవే వాక్యాలు వస్తే అది కంఠస్థమైన పాఠం. మధ్యలో ఒక్క మాట జారితే తరువాతిదంతా జారిపోతుంది.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. నిర్వచనాలను, అంకెలను, ఇతరుల మాటలను కుదించరాదు. వాటిని చీటీపై పూర్తిగా వ్రాసుకొని, చూసి చదవడమే న్యాయం. స్లైడుకు ఒక చీటీ చొప్పున, ఒకవైపు మాత్రమే పెద్ద అక్షరాలతో వ్రాసి, మూలన వరుస సంఖ్య వేయాలి. చేయిజారి చెదిరినప్పుడు ఆ సంఖ్యే వాటిని తిరిగి క్రమంలో పెడుతుంది.