150 పాయింట్లు కాదండీ, నిమిషాలు చూడండి

జగ్గయ్యపేటలో మా తమ్ముడు కారుకి గాలి కొట్టే చిన్న పంపు కొన్నాడు. "అన్నయ్యా, 150 పాయింట్ల దాకా కొడుతుందంట" అని అట్ట పెట్టె చూపించాడు. వాడి కారుకి కావాల్సింది 33. ఆ పెద్ద అంకె మనకి పనికొచ్చేది కాదురా, వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది చదువు అన్నాను. 10 నిమిషాలు నడిపి, 15 నిమిషాలు ఆపాలని ఉంది. డ్యూటీ సైకిల్ అంటే అదే. పంపు కొనేటప్పుడు నేను ముందు చూసేది ఆ లైనే. అసలు ఆ లైనే లేని పెట్టెని అక్కడే వదిలేస్తాను.

ఎందుకంటే గాలిని నొక్కితే వేడి పుడుతుంది. అరచేతిలో పట్టే మోటారు, వేలెడంత పిస్టను, ఆ వేడి పోవడానికి దారి తక్కువ. పైగా కంపెనీవాళ్లు ఆ నిమిషాలు లెక్కగట్టేది మామూలు చల్లదనంలో. మన మెట్టలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు దాటే రోజులున్నాయి. హైవే పక్కన తారు మీద పంపు పెట్టి 10 నిమిషాలూ నడిపితే లోపల పిస్టను రింగు మెత్తబడుతుంది. ఆ తర్వాత మోటారు శబ్దం బాగానే ఉంటుంది, గాలి మాత్రం రాదు. ఎండాకాలం 6, 7 నిమిషాలకే ఆపండి. పంపుని కారు నీడలో, ఓ చెక్క మీద పెట్టండి. గొట్టం మొదట్లో ఇత్తడి ముక్క చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే, టైము చూడకుండా ఆపేయడమే.

33 ఉండాల్సిన కారు టైరు 23కి దిగితే అందులోకి పోవాల్సింది సుమారు 20 లీటర్ల గాలి. చిన్న పంపుకైనా రెండు నిమిషాల పని. తంటా అంతా ట్రాక్టరుతో. నందిగామ దగ్గర మా బాబాయి ట్రాక్టరు వెనక టైరు పత్తి చేలో ముల్లు దిగి పూర్తిగా కూర్చుంది. పంచరు వేశాక ఈ పంపే పెట్టారు. దానికి కావాల్సింది 14 పాయింట్లే, కానీ లోపల రెండువందల లీటర్లకి పైగా చోటుంది. ఈ సైజు పంపుకి అది పావుగంట పైనే. ఒక్క దెబ్బలో అవదు, మధ్యలో ఆపి చల్లారనిచ్చి మళ్లీ మొదలెట్టాల్సిందే. ఇంకో సంగతి బాబాయే చెప్పాడు: బరువు కోసం నీళ్లు నింపిన టైరైతే వాల్వు పైకొచ్చేలా చక్రం ఆపాలి. కిందుంటే నీళ్లు గొట్టంలోకి వస్తాయి.

కరెంటు మాట కూడా చూసుకోండి. కారు సాకెట్టుకి చాలావాటిలో 10 లేక 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. పంపు అంతకంటే ఎక్కువ లాగేదైతే క్లిప్పులతో నేరుగా బ్యాటరీకి పెట్టుకోవాలి. సిమెంటు లారీల డ్రైవరన్నలూ, మీ పెద్ద లారీల్లో ఉండేది 24 వోల్టులు. అందులో ఈ 12 వోల్టుల పంపు పెడితే కాలిపోతుంది.

ఇక గొట్టం. మర తిప్పి బిగించేదైతే గట్టిగా పడుతుంది, కానీ తీసేటప్పుడు ఆ రెండు మూడు చుట్లూ వాల్వు పిన్ను నొక్కుకునే ఉండి బుస్సుమని గాలి పోతుంది. అందుకే ఒకటి రెండు పాయింట్లు ఎక్కువ కొట్టి, చకచకా తిప్పి తీయాలి. మీట నొక్కే క్లిప్పు క్షణంలో ఊడి వస్తుంది. అయితే దాన్ని వాల్వు మొదలంటా తోసి మీట వేయాలి. సగమే దిగితే గాలి పక్కనుంచి పోతుంది, పంపు గేజీ ముల్లు మాత్రం పెరుగుతూ కనబడుతుంది. స్కూటరు వెనక చక్రానికి చెయ్యి దూరే సందు తక్కువ. కొనేముందు షాపులోనే మీ బండి వాల్వుకి పెట్టి చూడండి. వైరు ముందు సాకెట్టు నుంచి వెనక చక్రం దాకా అందాలి కూడా.

ఆ ముల్లు సంగతి చెప్పాలి. పంపు తిరుగుతుండగా అది చూపించేది గొట్టంలో ఒత్తిడి, టైరులోది కాదు. మా తమ్ముడి కారుకి కొడుతుంటే 38 చూపించింది, ఆపగానే 34కి దిగింది, విడి గేజీ పెడితే 31. అంటే ఆపి చూసినా ఈ పంపు 3 ఎక్కువ చెప్తోంది. 150 దాకా గీతలున్న డయలు మీద 33 దగ్గర గీతలు ఇరుగ్గా ఉంటాయి, తేడా పట్టుకోవడం కష్టం. అందుకే మంచి విడి గేజీ ఒకటి కొనుక్కుని, పొద్దున్నే బండి తీయకముందు రెండూ పోల్చి చూడండి. విజయవాడ నుంచి వచ్చి చిల్లకల్లు దగ్గర ఆగి చూస్తే వేడికి 4, 5 పాయింట్లు ఎక్కువే ఉంటుంది. ఎక్కువైందని అప్పుడు గాలి తీసేయకండి, తెల్లారేసరికి తక్కువైపోతుంది. మా తమ్ముడు పంపు మీద చిన్న ప్లాస్టరు అంటించి "ఆపి చూస్తే 36 ఉండాలి" అని రాసుకున్నాడు.