ఈ రాస్తా నంద్యాలంపేటదేనా?

మా మామూ ఇంతెఖాల్ అయిన రోజు ఆయన జనాజా అస్ర్ నమాజ్ తర్వాత అని ఖబర్ పంపాం. మామూది నంద్యాలంపేట, మైదుకూరు మండలంలోని పల్లె. ఖాలా కొడుకు కడప నుంచి కారులో బయల్దేరాడు. ఇంట్లో నలుగురిని ఎక్కించుకుని, జొహర్ కాగానే. మైదుకూరు నాలుగు రోడ్ల కాడ కారు ఆపి, అద్దం దించి, రోడ్డు పక్కన నిలబడిన ఒక పెద్దాయనను అడిగాడు: "అన్నా, నంద్యాలంపేటకు ఈ రాస్తానే కదా?" వేలు ఎదురుగా చూపిస్తూ.

పెద్దాయన తల ఊపినాడు. "ఆ, ఇదే. సీదా పో నాయనా, యాడా తిరగొద్దు."

మావాడు సీదా పోయినాడు. దువ్వూరు దాటింది. పల్లె రాలేదు. ఇంకాస్త ముందుకేమో అనుకున్నాడు. చాగలమర్రి వచ్చాక కారులో ఉన్న ఖాలా కిలోమీటరు రాయి చూసి, "ఆళ్లగడ్డ అని రాసుందేంది బేటా?" అంది. అప్పుడు తెలిసింది. పెద్దాయన చెవిన పడింది నంద్యాల. వెనక లారీల హారన్లు, ఇంజను చప్పుడు. 'నంద్యాల' దాకా విన్నాడు, 'అంపేట' గాలికి పోయింది. నంద్యాలకు నిజంగానే అదే దారి, కర్నూలు రోడ్డు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. తాను విన్న సవాల్‌కు సరైన జవాబే ఇచ్చాడు.

వాళ్లు వెనక్కి తిరిగి వచ్చేసరికి మట్టి ఇవ్వడం కూడా అయిపోయింది. ఖాలా తన సగే భాయి మొహం ఆఖరిసారి చూడలేకపోయింది. ఇప్పటికీ ఆ పెద్దాయన మీద కోపంగానే ఉంటుంది. "ఎంత యఖీన్‌గా చెప్పినాడమ్మా!" అంటుంది. నేను మాత్రం ఖాలాతో ఏకీభవించను. గల్తీ జవాబులో లేదు, సవాల్‌లో ఉంది.

మావాడి సవాల్ మళ్లీ చూడండి. ఊరు పేరు వాడే చెప్పాడు, దిక్కూ వాడే వేలితో చూపించాడు, 'కదా' అని జవాబు కూడా వాడే నోటికి అందించాడు. ఎదుటి మనిషికి మిగిలింది తల ఊపడమే. పరాయి మనిషి ఆదరంగా అడిగితే 'కాదు' అనడానికి మన నోరు రాదు, 'నాకు తెలియదు' అనడానికి ఇంకా రాదు. అది బేమురవ్వత్ లాగా అనిపిస్తుంది. ఇది మన సీమ జబ్బు మాత్రమే కాదు. 1976లో కొలెట్, ఓషే అనే ఇద్దరు పరిశోధకులు ఇరాన్‌లో, ఇంగ్లండులో వీధిన పోయేవాళ్లను ఆపి, అసలు లేని చోటుకు దారి అడిగారు. ఇరాన్‌లో కొందరు మర్యాదగా చెయ్యి చాపి, లేని చోటుకు కూడా దారి చూపించారు. తకల్లుఫ్ పుట్టిల్లు కదా, నాకు ఆశ్చర్యం కలగలేదు.

అందుకే నేను దారి అడిగేటప్పుడు వేలు చూపించను. 'ఇదేనా' అనను. ముందు ఇంజను ఆపుతాను, వీలైతే దిగుతాను. సలాం, నమస్కారం ఏదో ఒకటి అయ్యాక, "నంద్యాలంపేటకు పోవల్ల. నంద్యాల కాదు, మీ మైదుకూరు మండలంలో పల్లె. యాడ తిరగాల?" అని అడుగుతాను. పోలిక ఉన్న ఇంకో పేరును ముందే కాదనడం ముఖ్యం. మన జిల్లాలో ఖాజీపేట ఉంది, వరంగల్ కాడ కాజీపేట ఉంది, పేట్లకూ పల్లెలకూ కొదవలేదు. ఫోన్ మ్యాప్ కూడా ఈ విషయంలో ఆ పెద్దాయన లాంటిదే. పేరు సగం కొట్టగానే పెద్ద ఊరిని ముందుకు తోస్తుంది, మనం తొందరలో దాన్నే నొక్కుతాం.

జవాబు వచ్చాక ఇంకో సవాల్ అడుగుతాను: "పోతావుంటే ముందు ఏ ఊరొస్తుంది?" ఇది నా కసౌటీ. దారి నిజంగా తెలిసినవాడు ఆగకుండా చెబుతాడు. ఫలానా పల్లె, ఆ తర్వాత కాలవ, కాలవ దాటినాక మసీదు అని. లేదా తిరిగి నన్నే అడుగుతాడు: "పేటలో ఎవరింటికి?" అందాజాగా చెప్పేవాడు 'సీదా పో, అంతే' అంటాడు, లేదా మొదట చెప్పిందే ఇంకొంచెం గట్టిగా చెబుతాడు. గొంతు పెరిగితే ఇల్మ్ పెరిగినట్టు కాదు. ఆ రోజు మావాడు ఈ ఒక్క మాట అడిగుంటే పెద్దాయన "దువ్వూరు, చాగలమర్రి" అని ఉండేవాడు. కారులో ఉన్న ఖాలాకు అక్కడే తెలిసిపోయేది, ఆమె పుట్టింటి దారిలో ఆ పేర్లు లేవు కాబట్టి.

కుడి ఎడమల సంగతి కూడా చెప్పాలి. మనకు ఎదురుగా నిలబడి చెప్పేవాడి కుడి మన ఎడమ. అందుకే వాడి పక్కకు పోయి, వాడు చూసే వైపే చూస్తూ నిలబడి వింటాను. పల్లెల్లో పెద్దవాళ్లు 'తూర్పుకు తిరుగు', 'పడమటికి పో' అంటారు. అది కుడి ఎడమల కన్నా నమ్మకం. అస్ర్ వేళ సూర్యుడు ఎటున్నాడో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు కదా.

నలుగురిని అడగాలని అందరూ అంటారు. నిజమే, కానీ ఒకే చాయ్ బంక్ కాడ కూర్చున్న నలుగురిని అడిగితే అది ఒకే గవాహీ. మొదట నోరు తెరిచిన పెద్దాయన మాటను పక్కనున్న కుర్రాడు కాదనడు, తనకు సరైన దారి తెలిసినా సరే. కాబట్టి మొదటివాడికి షుక్రియా చెప్పి, ఆయన చూపిన వైపే కదలాలి. ఆయన కళ్ల ముందే ఇంకొకరిని అడిగితే ఆయన ఇజ్జత్ తీసినట్టు. ఒక కిలోమీటరు పోయాక ఇంకొకరిని, మొదటి జవాబు సంగతి ఎత్తకుండా, కొత్తగా అడగాలి. "అక్కడెవరో ఇటే అన్నారు" అన్నామంటే మళ్లీ తల ఊపుడే.

ఇద్దరూ రెండు దారులు చెబితే? మూడోవాడిని అడిగి ఓట్లు లెక్కపెట్టడం నాకు నచ్చదు. ఇద్దరు అందాజాగా ఒకటే చెప్పొచ్చు. "మీరు ఆ ఊరికి ఎప్పుడు పోయినారు?" అని అడిగితే ఎవరి మాటకు ఎంత బరువో తెలుస్తుంది. పోయిన వారం పెళ్లికి పోయొచ్చినవాడు ఒక్కడు చాలు. పాలు పోసేవాడు, ఆర్టీసీ కండక్టర్, పోస్ట్‌మ్యాన్ దొరికితే అదృష్టం. నాలుగు రోడ్ల కాడ బస్సు కోసం నిలబడినవాళ్లలో సగం మంది మనలాగే పరాయి ఊరివాళ్లు. బ్యాగు చేతిలో ఉంటే అసలు అడగను.

మనుషుల తర్వాత రాయి. జాతీయ రహదారి రాయికి పసుపు తల, రాష్ట్ర రహదారి రాయికి పచ్చ తల. మనం పోతున్నది పల్లెకు, రాయి మీద పెద్ద ఊరి పేరే ఉంటుంది. అయినా ఆ పెద్ద ఊరు మన దిక్కున ఉండాల్సిందేనా అని మొదటి రాయి కాడే చూసుకోవాలి. ఖాలా ఆ రోజు అరగంట తర్వాత చూసింది. రాత్రిపూట ఇది పనిచేయదు. అడగడానికి మనిషీ ఉండడు. అప్పుడు తెలియని దారిలో ముందుకు పోవడం కన్నా, లైట్లున్న పెట్రోల్ బంక్ దాకా వెనక్కి రావడమే మంచిది. వెనక్కి తిరగడానికి మగవాళ్లకు కాస్త నామోషీ. మావాడికి దువ్వూరు కాడే షక్ వచ్చిందట. తర్వాత ఒప్పుకున్నాడు.

మామూ చాలీస్వాఁకు మళ్లీ వచ్చాడు. అదే నాలుగు రోడ్లు. ఈసారి కారు దిగి, ఒక అబ్బాయిని అడిగాడు: "నంద్యాలంపేటకు పోవల్ల, నంద్యాల కాదు. యాడ తిరగాల?"

అబ్బాయి కాసేపు ఆలోచించి, "నాకు తెల్దన్నా, మాది ప్రొద్దుటూరు" అన్నాడట. ఖాలా కారులోంచే వాడికి దుఆ ఇచ్చింది.