"Agree" నొక్కితే పోయేది మీ హక్కే

గద్వాలలో మా ఆపా ఇంట్లో ఇఫ్తార్ విందు జరిగినా, పెండ్లి మాటలు నడిచినా చివర్న ఒక సర్కారీ కాగితం బయటికి వస్తుంది. ఇంట్లో జర్నలిస్టు ఉంటే అంతే, అన్ని దఫ్తర్ల నోటీసులూ వాడే చదవాలె. మొన్నటి కాగితం నా భాంజీది. ఆమె దంతవైద్యురాలు, నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రికి పోయి పనిచేస్తుంది. ఇన్‌కం టాక్స్ వాళ్ల బెంగళూరు కేంద్రం నుంచి మెయిల్ వచ్చింది: మీరు మీ దగ్గర కోసిన టాక్స్ 72,000 రూపాయలని చూపించారు, మా లెక్కలో 54,000 మాత్రమే కనిపిస్తోంది, సరిచేయబోతున్నాం, 30 రోజుల్లో జవాబు ఇవ్వండి.

వనపర్తిలో ఆమె రిటర్న్ వేసిన కన్సల్టెంట్ ఫోన్‌లో చెప్పిన సలహా ఒక్క మాట: "Agree కొట్టేయండి మేడమ్, గొడవ ఉండదు." ఈ ఒక్క మాటతోనే నా పేచీ. గొడవ ఉండదు, నిజమే. 18,000 రూపాయలు కూడా ఉండవు.

ముందు హిసాబ్ చూడండి. ఆస్పత్రి ఆమెకు నెలకు 60,000 ఫీజు కట్టింది. అందులోంచి సెక్షన్ 194జె కింద పదిశాతం, అంటే 6,000 కోసుకొని, 54,000 బ్యాంకులో వేసింది. పన్నెండు నెలలకు ఫీజు 7,20,000, కోత 72,000. వైద్య వృత్తి వాళ్లకు సెక్షన్ 44ఏడీఏ కింద రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపే వీలుంది కాబట్టి ఆమె ఆదాయం 3,60,000. 2024-25 సంవత్సరానికి కొత్త విధానంలో ఏడు లక్షల వరకు రిబేటు ఉంది, టాక్స్ సున్నా. కాబట్టి ఆ 72,000 మొత్తం ఆమెకు తిరిగి రావాలె. అది సర్కారు ఇచ్చే ఖైరాత్ కాదు, ఆమె మజ్దూరీలోంచి ముందే తీసి పెట్టుకున్న అమానత్.

మరి 18,000 ఎక్కడ పోయింది? ఫారం 26ఏఎస్ తెరిచి చూసినం. ఎవరు మీ పేరున ఎంత కోసి ప్రభుత్వానికి కట్టారో తారీఖులతో సహా చూపే పత్రం అది. ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా తొమ్మిది వరుసలున్నాయి, ఒక్కోటి 6,000. జనవరి, ఫిబ్రవరి, మార్చి ఖాళీ. బ్యాంకు పాస్‌బుక్‌లో మాత్రం ఆ మూడు నెలలూ 54,000 చొప్పునే పడ్డయ్. కోసిండ్రు, చూపలేదు.

ఇక్కడే ఒక సంగతి సాఫ్‌గా చెప్పాలె. అన్ని తేడాలూ ఎదుటివాళ్ల గల్తీ కాదు. మన ఇళ్లలో అమ్మీ పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటుంది, రిటర్న్ కొడుకు వేస్తాడు, అమ్మీ వడ్డీలో కోసిన టాక్స్‌ను తన లెక్కలో రాసుకుంటాడు. ఆ కోత అమ్మీ పాన్ మీద ఉంటుంది, కొడుకు 26ఏఎస్‌లో ఎట్లా దొరుకుతుంది? అక్కడ Agree నొక్కి, అమ్మీ పేరున రిటర్న్ వేసి అడగడమే ఇన్సాఫ్. ఆదాయం ఏ సంవత్సరానిదైతే కోత కూడా ఆ సంవత్సరానికే లెక్క, కాబట్టి పైసలు వచ్చిన సంవత్సరం కూడా చూసుకోవాలె. భాంజీ కేసులో పాన్ ఆమెదే, సంవత్సరం అదే, ఆదాయం మొత్తం చూపింది. ఆమె ఒప్పుకోవడానికి ఏముంది?

ఆస్పత్రికి ఫోన్ చేసినం. జనవరి-మార్చి త్రైమాసికం స్టేట్‌మెంట్ మే 31 లోపల వేయాలె, దాని ఆధారంగా ఫారం 16ఏ సర్టిఫికెట్ జూన్ 15 లోపల ఇవ్వాలె. మొదటి మూడు త్రైమాసికాలవి ఇచ్చిండ్రు, నాలుగోది ఇవ్వలే. సర్టిఫికెట్ రాకపోవడమే మొదటి గవాహీ, అది జూన్‌లోనే కనిపించాల్సింది. మాకు ఆగస్టులో రిటర్న్ వేసేటప్పుడు కూడా కనిపించలే. అకౌంటెంట్ వెతికి చెప్పిన కారణం: పైసలు కట్టిండ్రు, కానీ ఆమె పాన్‌లో ఒక్క అక్షరం తప్పు కొట్టిండ్రు. భాంజీ 18,000 ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఖాతాలో ఆరామ్‌గా కూర్చుంది.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. టాక్స్ కోసే అధికారం ఆస్పత్రికి ఇచ్చింది సర్కారు. ఆ వసూలుదారు తప్పు చేస్తే, నిరూపించే బరువు మాత్రం కోత పడ్డ మనిషి మీద. ఇన్‌కం టాక్స్ చట్టం 1961లో సెక్షన్ 205 స్పష్టంగా ఉంది: ఆదాయంలోంచి ఎంత టాక్స్ కోశారో అంత మేరకు ఆ మనిషిని మళ్లీ కట్టమని అడగరాదు. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ తన ఉద్యోగుల తన్ఖాలో కోసిన టాక్స్ ఖజానాకు కట్టనప్పుడు ఆ ఉద్యోగులు ఎంత తంటాలు పడ్డారో పత్రికల్లో చదివినం. ఢిల్లీ హైకోర్టు 2013 మార్చిలో, బెంగళూరు కేంద్రం ఇట్లా క్రెడిట్ నిరాకరించడం మీద తానే చొరవ తీసుకొని తీర్పు ఇచ్చింది. 2015 జూన్‌లో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు కూడా, కోసినవాడు జమ చేయని టాక్స్ కోసం ఆ మనిషి మీద బలవంతపు వసూలు చేయొద్దని తన అధికారులకు రాసింది.

కానీ 205 ఒక ఢాలు మాత్రమే. "కట్టు" అని అడిగితే అడ్డం పెట్టొచ్చు. భాంజీని ఎవరూ కట్టమనడం లేదు, ఇవ్వాల్సింది ఇవ్వడం లేదు. రిఫండ్ కోత పడ్డ చిన్న ఆదాయం వాళ్లకు ఆ ఢాలు నేరుగా పనికిరాదు. రూల్ 37బీఏ ప్రకారం కోసినవాడు పంపిన వివరాల ఆధారంగానే క్రెడిట్, మెషిన్ అదే చూస్తుంది. కాబట్టి వీళ్లకు రెండు పనులూ కావాలె: ఇక్కడ జవాబు, అక్కడ ఆస్పత్రితో సవరణ స్టేట్‌మెంట్ వేయించడం.

జవాబు పోర్టల్‌లో Pending Actions లోపల e-Proceedings కింద ఉంటుంది. Disagree ఎంచుకొని కారణం నాలుగు వాక్యాల్లో రాసినం: ఏ నెలలు, ఎంత ఫీజు, ఎంత కోత, ఆస్పత్రి టాన్ నంబర్, తప్పు పాన్ పడిందన్న సంగతి. మూడు నెలల ఫీజు రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆస్పత్రికి రాతపూర్వకంగా పంపిన ఫిర్యాదు జత పెట్టినం. ఒకసారి పంపితే మార్చుకోలేమని ముందే తెలుసు కాబట్టి రెండుసార్లు చదివి 27వ రోజున పంపినం. ఆస్పత్రి సవరణ వేస్తదేమోనని అన్ని రోజులు ఆగినం. 30 దాటితే మన ఖామోషీయే మన జవాబు అయిపోతుంది.

Disagree నొక్కినంత మాత్రాన డబ్బు రాలే, అబద్ధం చెప్పను. సెక్షన్ 143(1) కింద తుది ఇంటిమేషన్ 54,000కే వచ్చింది. ఆస్పత్రి సవరణ ఆ తర్వాత నెలకు పడింది, 26ఏఎస్‌లో మూడు కొత్త వరుసలు కనిపించినయ్. అప్పుడు Rectification కింద టాక్స్ క్రెడిట్ తేడా సవరించమని అడిగినం. సెక్షన్ 154 దీనికి నాలుగేండ్ల మొహలత్ ఇస్తుంది, ఆ లెక్క ఉత్తర్వు వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిసిన రోజు నుంచి. కన్సల్టెంట్ మాట విని ఉంటే ఆమె చేత్తో ఆమే రాసిచ్చిన ఒప్పుకోలు ఈ దరఖాస్తుకు ఎదురుగా నిలబడేది.

మిగతా 18,000 పోయిన వారం పడింది. కన్సల్టెంట్ ఫోన్ చేసి ముబారక్ చెప్పిండు, ఫీజు కూడా అడిగిండు. భాంజీ మాత్రం ఫోన్ పెట్టేసి, ఈ సంవత్సరం మొదటి త్రైమాసికం 16ఏ ఇంకా రాలేదెందుకని ఆస్పత్రికి మెయిల్ రాయడానికి కూర్చుంది.