కోరిక లేనంత మాత్రాన ప్రేమ లేనట్టా?

ప్రశ్న: నా వయసు 29. స్కూలు టీచరుని. మా స్కూల్లోనే పనిచేసే లెక్కల మాస్టారితో ఆరేళ్ళ స్నేహం. ఆయనకు డెంగ్యూ జ్వరం వచ్చినప్పుడు వాళ్ళమ్మగారితో పాటు నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. నాన్నగారు పోయినప్పుడు మా ఇంటి పనులన్నీ ఆయనే చూశారు. ఇప్పుడు పెళ్ళి చేసుకుందామంటున్నారు. ఆయన లేని జీవితం ఊహించలేను. కాని ఆయన్ని చూస్తే గుండె ఝల్లుమనటం, కలలు కనటం నాకు లేవు. శరీర సంబంధమైన కోరిక ఆయన మీదే కాదు, ఇంతవరకు ఎవరి మీదా కలగలేదు. నెలసరి సక్రమంగానే ఉంది. మందులేవీ వాడటం లేదు. పెళ్ళయితే అన్నీ అవే వస్తాయంటుంది అమ్మ. నాలో ఏదైనా లోపముందా? నేను ప్రేమించలేనిదాన్నా?
- ఒక సోదరి

జవాబు: ముందు లోపం సంగతి చూద్దాం. ఇలాంటి వారిని డాక్టరు అడిగే మొదటి ప్రశ్న, 'ఇది ఎప్పటి నుంచి?' అని. ఇదివరకు ఉన్న కోరిక తగ్గిపోతే కారణం వెతకాలి. థైరాయిడ్ మందగించటం, ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరగటం, మానసిక కుంగుబాటు, ఆ కుంగుబాటుకు వాడే కొన్ని మందులు అలా చేస్తాయి. ప్రొలాక్టిన్ పెరిగితే సాధారణంగా నెలసరి తప్పటం, బాలింతలు కాకున్నా పాలు రావటం కనిపిస్తాయి. కోరిక ఉండి కూడా భయం వల్లనో, చిన్ననాటి చేదు అనుభవం వల్లనో దగ్గర కాలేకపోవటం మరో సంగతి. దానికి చికిత్స ఉంది.

మీకు యుక్తవయసు నుంచీ ఇంతే. ఉత్తరంలో జబ్బు లక్షణాలేవీ కనపడటం లేదు. ఎవరి మీదా లైంగిక ఆకర్షణ కలగని వారిని అసెక్సువల్ అంటారు. స్త్రీలలోనూ, పురుషులలోనూ ఉన్నారు. ఇది నపుంసకత్వం కాదు, శరీరం మామూలుగానే పనిచేస్తుంది. కోరికను అణచుకునే బ్రహ్మచర్యమూ కాదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన మానసిక వ్యాధుల గ్రంథం, తాము అసెక్సువల్ అని చెప్పుకునేవారికి కోరిక లేకపోవటాన్ని జబ్బుగా నిర్ణయించరాదని స్పష్టం చేసింది. అయితే ఆ పేరు మీకు సరిపోతుందో లేదో తేల్చుకోవలసింది మీరే. ప్రకటనల్లో కనిపించే 'శక్తి' మందులు, అవసరం లేని హార్మోను మాత్రలు మాత్రం వాడకండి.

ఇక రెండవది. గుండె ఝల్లుమనటం, విరహం, జంటగా విహరించాలన్న తపన - ఇది ప్రణయ ఆకర్షణ. అదీ, లైంగిక ఆకర్షణా ఒకటి కాదు. కోరిక లేకుండా ప్రణయం కలిగేవారున్నారు. ప్రణయం లేకుండా కోరిక కలిగేవారున్నారు. ప్రణయ ఆకర్షణ కలగనివారిని ఏరోమాంటిక్ అంటారు. మీ ఉత్తరాన్ని బట్టి మీకు రెండూ లేనట్టుంది.

కాని ఆసుపత్రిలో నాలుగు రోజులు మిమ్మల్ని కూర్చోబెట్టింది ఏమిటి? ఆయన కష్టం మీ కష్టమనిపించటం, మీ బతుకులో ఆయనకు చోటు ఉంచటం - అనుబంధమంటే ఇదే. దానికి ఆకర్షణ తోడు కావచ్చు, కాకపోనూ వచ్చు. మీరు ప్రేమించలేనివారు కారు. మీ ప్రేమలో ఆ రెండు ఆకర్షణలూ లేవు, అంతే.

మీ అమ్మగారి మాట సంగతి. గాఢమైన చనువు ఏర్పడ్డాకే కోరిక పుట్టేవారు కొందరుంటారు. కాని మీకు ఆరేళ్ళ చనువు తర్వాత కూడా పుట్టలేదు. వస్తుందన్న నమ్మకంతో పెళ్ళి చేసుకుంటే, రాకపోయినప్పుడు ఆయన తనలో లోపముందనుకుంటారు, మీరు మీలో ఉందనుకుంటారు.

అందుచేత ముహూర్తం పెట్టకముందే, ఈ ఉత్తరంలో నాకు రాసినదంతా ఆయనకు చెప్పండి. కోరిక ఎవరి మీదా కలగలేదన్న మాట తప్పక చెప్పండి, లేకపోతే తానే నచ్చలేదనుకుంటారు. శరీర సంబంధం విషయంలో మీకు ఏది సమ్మతమో, ఏది కాదో తేల్చి చెప్పండి. అసెక్సువల్ అయినవారిలో కొందరు భాగస్వామి కోసం ఇష్టపడే సమ్మతిస్తారు, కొందరికి అసలు సరిపడదు. ఒకసారి ఒప్పుకున్నారు కదా అని ఎప్పటికీ ఒప్పుకున్నట్టు కాదు.

పిల్లల మాట కూడా ఎత్తండి. కోరిక లేకపోవటం వల్ల సంతానశక్తి తగ్గదు. కలయిక వద్దనుకుంటే భర్త వీర్యాన్ని డాక్టరు గర్భాశయంలో ప్రవేశపెట్టే పద్ధతి ఉంది.

వెంటనే జవాబు అడగకండి, ఓ నెల గడువివ్వండి. ఆయనకు ఆ కోరిక ముఖ్యమైతే కాదనే హక్కు ఆయనకుంది. అప్పుడు పెళ్ళి మానుకుని స్నేహితులుగా ఉండిపోవటమే ఇద్దరికీ మేలు. సరేనంటే, పెళ్ళికి ముందు ఇద్దరూ కలిసి ఒక మానసిక వైద్యుణ్ణి కలవండి. మీకు చికిత్స కోసం కాదు, ఒప్పుకున్న సంగతులు ఇద్దరికీ ఒకేలా అర్థమయ్యాయో లేదో చూసుకోవటానికి.