తాళం వేసిన తలుపు

1911 మార్చి 25, శనివారం. న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారంలో పని ముగిసే వేళకు ఎనిమిదో అంతస్తులో కత్తిరింపు బల్లల కింద పోగుపడిన గుడ్డపేలికలు అంటుకున్నాయి. పదో అంతస్తులోని యజమానులకు ఫోన్‌లో కబురు అందింది, పైకప్పు మీదుగా తప్పించుకున్నారు. తొమ్మిదో అంతస్తుకు కబురే లేదు. అక్కడ రెండు మెట్లదారుల్లో ఒకదాని తలుపుకు తాళం. గుడ్డముక్క పట్టుకుపోతారేమోనని సంచులు వెతకడానికి, అందరినీ ఒకే దారిన పంపేవారు. బయటి ఇనుప మెట్లు జనం బరువుకు కూలాయి. అగ్నిమాపక నిచ్చెనలు ఆరో అంతస్తు దాకే అందాయి. 146 మంది చనిపోయారు, అత్యధికులు వలస వచ్చిన ఆడపిల్లలు.

ఈ ఘోరంతో ప్రభుత్వానికి కనువిప్పు కలిగిందని చెబుతుంటారు. అది సగం నిజం. 1909 నవంబరులోనే కుట్టుపని కార్మికురాలు క్లారా లెమ్లిచ్ పిలుపుతో సుమారు 20 వేల మంది కుట్టుపనివాళ్లు సమ్మె కట్టారు. వారిని పోలీసులు కొట్టారు, కోర్టులు జైలుకు పంపాయి. అయినా చాలా కంపెనీలు దిగివచ్చి, వారానికి 52 గంటల పనికి ఒప్పుకుని యూనియన్‌తో సంతకం చేశాయి. సంఘాన్ని గుర్తించనన్నది ట్రయాంగిల్. ఏడాది తిరిగాక తగలబడిందీ అదే.

పని వేళల్లో తలుపులకు తాళం వేయకూడదని చట్టం అప్పటికే ఉంది. అడిగే మనిషి లోపల లేడు. తాళం సంగతి యజమానులకు ఆ క్షణాన తెలుసని రుజువు కాలేదంటూ జ్యూరీ వారిని నిర్దోషులుగా వదిలేసింది.

ఆ తర్వాత రాష్ట్రం వేసిన విచారణ కమిషన్‌లో కార్మిక నాయకుడు శామ్యూల్ గాంపర్స్ సభ్యుడు. కార్మికోద్యమంలోని వారూ తనిఖీలకు వెళ్లారు. కార్మిక సంస్కర్త ఫ్రాన్సిస్ పెర్కిన్స్ శాసనసభ్యులను స్వయంగా కర్మాగారాలకు తీసుకెళ్లి చూపించారు. అగ్నిప్రమాద కసరత్తులు, నీటి జల్లు యంత్రాలు, మరింత మంది తనిఖీదారుల నియామకం చట్టంలోకి వచ్చాయి. 1912లో మహిళలకు వారానికి 54 గంటల పరిమితీ వచ్చింది. పండ్లు, కూరగాయల డబ్బాల పరిశ్రమను మాత్రం యజమానుల ఒత్తిడితో మొదట మినహాయించారు. పట్టు సడలిన చోట చట్టానికి చిల్లు పడుతుందనడానికి అదే సాక్ష్యం.

మన దగ్గరా ఆ పట్టు సడలుతోంది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కర్మాగారాల్లో రోజు పని పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచింది. వారానికి 48 గంటల హద్దు అలాగే ఉందిగా అంటున్నారు. సంఘం లేని షెడ్డులో ఆ లెక్క రాసేది యజమాని గుమాస్తాయే. ఈ సవరణను వెనక్కి తీసుకోవాలి. ప్రమాదకర పరిశ్రమల్లో చట్టం కోరే భద్రతా కమిటీలకు కార్మికులు ఎన్నుకున్నవారినే పంపాలి. ప్రమాదం కనబడితే యంత్రం ఆపే అధికారం వారికివ్వాలి.